రాలేదనైనా చెప్పమన్నారు

కదిరిలోని ఒక డిగ్రీ కాలేజీలో నా కాంట్రాక్టు ముగిసి ఇంట్లో కూర్చున్న వేసవిలో ఈ సంగతి జరిగింది. కాలేజీలో నా పని విద్యార్థులతో మాట్లాడడం. మెట్ల పక్కన ఒక ఇరుకు గది, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, తలుపుకు ముదురు రంగు తెర. పరీక్షల భయంతో ఒకరు, ఇంటి గొడవలతో ఒకరు, ఏ కారణమూ చెప్పలేక ఊరికే ఏడవడానికి ఒకరు వచ్చేవారు. వచ్చే ఏడు కౌన్సెలర్ అక్కర్లేదని యాజమాన్యం అనుకుంది. గది తాళం ఆఫీసులో ఇచ్చేసి మా ఊరికి వచ్చేశాను.

మా ఊరు తనకల్లు దగ్గర. అంతకు ముందు సంవత్సరం వాన నమ్మించి మోసం చేసింది. శెనక్కాయ చెట్టు మొలిచి, పూత పట్టే వేళకు ఎండిపోయింది. బోరు ఎప్పుడో చేతులెత్తేసింది. నాయన మిగిలిన గొర్రెల్ని తోలుకొని పొద్దంతా గుట్టల వెంట తిరిగేవాడు. నేను ఖాళీగా ఉండడం గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఆ అనకపోవడమే నాకు బరువుగా ఉండేది.

అప్పుడు కదిరిలో ఒక ట్రస్టు కౌన్సెలర్ కోసం ప్రకటన ఇచ్చింది. ఆత్మహత్యలు జరిగిన ఇళ్ళకూ, అలాంటి ఆలోచనల్లో ఉన్నవాళ్ళకూ సాయంగా ఉండే కేంద్రం అది. చుట్టుపక్కల పల్లెలకు తిరగాలి. చదివిన చదువుకు సరిపోయిన పని. దరఖాస్తు చేశాను, ఇంటర్వ్యూకు రమ్మన్నారు.

నాయన కూడా బయలుదేరాడు. "ఈ ఎండకు నువ్వెందుకు నాయనా?" అంటే, "ఇంట్లో కూచోని ఏం చేయల్ల? పద" అని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. బస్సులో చాలాసేపు కిటికీలోంచి బీడు చేలు చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి అడిగాడు.

"ఏం పని మ్మా అది?"

"బాధలో ఉండేవాళ్ళు చెప్పేది వినే పని నాయనా."

"వినేదానికి జీతమిస్తారా?"

"వినేది నేర్చుకోవల్ల కదా. ఊరికే వింటే అయ్యేది కాదు."

ఆయన తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియదు. "సరే, మనూళ్ళో గూడా అట్లాంటోళ్ళు శానామంది ఉండారులే" అన్నాడు.

కేంద్రం బస్టాండుకు కొంచెం దూరంలో, ఒక బట్టల దుకాణం పైన ఉంది. నాయన కింద టీ అంగడి బల్ల మీద కూర్చున్నాడు. నేను పైకి వెళ్ళాను. వరండాలో నాకంటే ముందే కొందరు కూర్చుని ఉన్నారు. ఒకమ్మాయి కాగితాలు చూసి పెదవులు కదుపుతూ జవాబులు వల్లె వేసుకుంటోంది. నేను ఏదీ చదవలేకపోయాను. కిందినుంచి కుట్టు మిషన్ల చప్పుడు వస్తూనే ఉంది. బట్టల దుకాణం వాళ్ళవేమో.

నా వంతు వచ్చింది. బల్లకు అవతల ముగ్గురు. మధ్యలో మానసిక వైద్యురాలు, యాభై దాటిన మనిషి, చేతిలో పెన్ను తప్ప ఎదుట ఏమీ పెట్టుకోలేదు. ఒక పక్క ట్రస్టు కార్యదర్శి, రిటైరైన హెడ్మాస్టరు. ఇంకో పక్క తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన. కింది దుకాణం ఆయనదేననీ, ఈ అంతస్తు అద్దె లేకుండా ఇచ్చింది ఆయనేననీ కార్యదర్శి పరిచయం చేశాడు. ఆయన నాకు నమస్కారం కూడా పెట్టలేదు. నా దరఖాస్తులో ఒకచోట వేలు పెట్టుకొని కూర్చున్నాడు.

ముందు చదువు గురించి అడిగారు. తర్వాత డాక్టరమ్మ, "ఒక రైతు వచ్చి నీ ముందు కూర్చున్నాడు. మాట్లాడడు. తల వంచుకొని ఏడుస్తున్నాడు. ఏం చేస్తావు?" అంది.

"ఏడుపు ఆపమని అనను మేడమ్. మొదట కాసేపు ఊరికే కూర్చుంటాను. నీళ్ళు దగ్గర పెడతాను. తొందర లేదు, నేను ఇక్కడే ఉన్నానని చెప్తాను. మాట్లాడడం మొదలుపెడితే మధ్యలో సలహాలు ఇవ్వకుండా వింటాను. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని తిన్నగానే అడుగుతాను."

కార్యదర్శికి ఆ మాట నచ్చలేదు. "అట్ల అడిగితే లేని ఆలోచన పుట్టదా తల్లీ?"

"పుట్టదు సర్. అడిగితే, దాచుకున్నవాళ్ళకు చెప్పుకునే దారి దొరుకుతుంది. ఉందంటే, ఎలా చేయాలనుకున్నారో, అందుకు కావలసింది ఇంట్లో ఉందో లేదో అడుగుతాను. ఇంట్లో పురుగుమందు ఉంటే అది ఆ మనిషి చేతికి అందకుండా చేయడం మొదటి పని. ఎవరికి చెప్తే నమ్మకమో ఆయన్నే అడిగి, వాళ్ళను పిలిపిస్తాను. ఒంటరిగా పంపను. డాక్టరు దగ్గరికి నేనే తోడు వెళ్తాను. మళ్ళీ ఎప్పుడు కలుస్తామో అనుకున్నాకే లేస్తాను."

డాక్టరమ్మ పెన్ను కిందపెట్టింది. అది మంచికో చెడుకో తెలియలేదు.

తర్వాత హద్దుల గురించి అడిగారు. పల్లెకు పోతే భోజనం చేయమంటారు, కూతురి పెళ్ళికి రమ్మంటారు, ఇంటి ఫోను నంబరు అడుగుతారు. అప్పుడెలా? నేనూ ఈ పల్లెల మనిషినే కాబట్టి కష్టమేనన్నాను. "ఇచ్చిన మజ్జిగ తాగకపోతే వాళ్ళను అవమానించినట్టే. తాగుతాను. పెళ్ళికి మాత్రం పోను. ఆ ఇంటి గుట్టు విన్నదాన్ని పదిమందిలో పోయి కూర్చుంటే, ఈమె ఎవరని అడుగుతారు. వాళ్ళు ఏం చెప్పుకోవాలి? ఫోను కేంద్రం నంబరే ఇస్తాను. నా బంధువులు, నాకు ముందే తెలిసినవాళ్ళు వస్తే ఇంకొకరి దగ్గరికి పంపుతాను."

"ఇక్కడ ఇంకొకరెవరుంటారు? నువ్వొక్కదానివే కదా" అంది డాక్టరమ్మ.

"అప్పుడు మీకు చెప్తాను మేడమ్. దారి మీరు చెప్పండి."

ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది. తర్వాత గోప్యత గురించి అడిగింది. నేను చెప్పాను. వచ్చినవాళ్ళు చెప్పింది బయటికి పోదు. ఆ మాట, దానికి ఉన్న మినహాయింపులు, రెండూ మొదటిరోజే వాళ్ళకు చెప్పేయాలి. ప్రాణానికి అపాయం ఉంటే, అది వాళ్ళదైనా ఇంకొకరిదైనా, కాపాడడానికి ఎంత అవసరమో అంతే, అవసరమైనవాళ్ళకే చెప్తాం. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే చట్టం ప్రకారం పోలీసులకు చెప్పితీరాలి. కోర్టు ఆదేశమిస్తే చెప్పక తప్పదు. పై డాక్టరుతో సలహా కోసం మాట్లాడేటప్పుడు కూడా పేరు లేకుండానే.

అంతవరకు మాట్లాడని పెద్దాయన దరఖాస్తు మీదినుంచి వేలు తీశాడు.

"నువ్వు ఆ కాలేజీలో పని చేసినావు కదమ్మా."

"అవును సర్."

"నా కొడుకు ఆడనే చదివినాడు."

కార్యదర్శి కళ్ళు దించుకున్నాడు. ఆ కాలేజీలో చదివే ఒక అబ్బాయి సెలవుల్లో ఆత్మహత్య చేసుకున్న సంగతి కదిరిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అతని తండ్రి ఈయనేనని ఆ క్షణంలోనే తెలిసింది.

"నీ దగ్గరికి వచ్చినాడా?" అన్నాడు.

ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చాడో రాలేదో ఇక్కడ కూడా రాయను. ఆ ప్రశ్న వినగానే నాకేమనిపించిందో కూడా రాయను, రాస్తే అదే జవాబైపోతుంది. ఊరి సంగతీ, దుకాణం సంగతీ, ఇంకొన్ని వివరాలూ ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను.

"సర్, మీకు జరిగింది చాలా పెద్ద కష్టం. కానీ నా దగ్గరికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో నేను చెప్పలేను."

"ఇది ఇంటర్వ్యూలో ప్రశ్న కాదమ్మా. నేను వాని నాయన్ని. అడుగుతాండాను."

"తెలుసు సర్."

"వచ్చినాడని చెప్పకపోతే మానె. రాలేదనైనా చెప్పు. రాలేదంటే నాకు చాలు."

రాలేదని చెప్పడం తేలికలాగే కనిపిస్తుంది. కానీ రానివాళ్ళ గురించి రాలేదని చెప్తూపోతే, ఎవరి దగ్గర నోరు మూసుకుంటానో వాళ్ళు వచ్చినట్టే లెక్క. అందుకే ఏ వైపూ చెప్పకూడదు. చదువుకునేటప్పుడు ఈ సంగతి ఒక్క వాక్యంలో అయిపోయింది. ఇప్పుడు ఆ వాక్యానికి ఎదురుగా ఒక తండ్రి కూర్చున్నాడు.

"అది కూడా చెప్పలేను సర్."

కార్యదర్శి ముందుకు వంగాడు. "చూడు తల్లీ, బయటోళ్ళు ఎవరూ లేరీడ. తండ్రికి చెప్తే తప్పేముంది? ఆ పిల్లోడు ఇప్పుడు లేడు కదా. చచ్చిపోయినోనికి ఇంక రహస్యమేముంటాది?"

"పద్దెనిమిది దాటిన మనిషి చెప్పుకున్న మాట సర్, ఎవరిదైనా. మనిషి పోతే ఆ మాట విడుదల కాదు. కోర్టు అడిగితే వేరే సంగతి." నా స్వరం నాకే కటువుగా వినిపించింది. ఈ ఉద్యోగం పోయిందని అప్పుడే అనుకున్నాను. కింద బల్ల మీద కూర్చున్న నాయన గుర్తొచ్చాడు.

డాక్టరమ్మ ఏమైనా అంటుందని చూశాను. ఆమె నన్ను కాదు, పెద్దాయన్ను చూస్తోంది.

ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. కోపంగా లేడు. అర్థం కాని పాఠం అడిగినట్టు అడిగాడు.

"ఇప్పుడే చెప్తివి కదమ్మా. ప్రాణానికి అపాయముంటే ఇంటోళ్ళకు చెప్తామని. మరి నాకెవరూ చెప్పలేదే. ఎవరూ రాలేదే మా ఇంటికి."

దీనికి ఏ జవాబు ఇచ్చినా అది మొదటి ప్రశ్నకు జవాబవుతుంది. మౌనంగా కూర్చున్నాను. ఆ మౌనాన్ని ఆయన ఎలా అర్థం చేసుకున్నాడో తెలియదు. ఆయన చేతులు వణకడం మొదలైంది. తర్వాత భుజాలు. నోరు తెరిచాడు కానీ శబ్దం రాలేదు, ఊపిరి మాత్రం పైపైనే ఆడుతోంది. కార్యదర్శి గాభరాగా లేచి, "ఊరుకో అన్నా, ధైర్యంగా ఉండల్ల" అంటూ వీపు నిమరబోయాడు. పెద్దాయన ఆ చేయి విదిలించేశాడు.

నేను లేచి బల్ల చుట్టూ తిరిగి వెళ్ళాను. ఇంటర్వ్యూలో ఉన్నానన్నది మరిచిపోయానని చెప్పను. గుర్తుంది. కార్యదర్శిని కాసేపు బయట ఉండమని అడిగాను. ఆయన డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపాక వెళ్ళి, తలుపు దగ్గరగా వేశాడు. నేను కుర్చీ లాక్కొని పెద్దాయనకు ఎదురుగా కాకుండా పక్కకు, ఆయన కళ్ళకంటే తక్కువ ఎత్తులో కూర్చున్నాను. ముట్టుకోలేదు.

"సర్, ఇక్కడే ఉన్నాను. మాట్లాడక్కర్లేదు. కాళ్ళు నేల మీద ఆనించండి. ఊపిరి మెల్లగా బయటికి వదలండి. ఇంకొంచెం మెల్లగా."

చాలాసేపు పట్టింది. కుట్టు మిషన్లు ఆగి మళ్ళీ మొదలయ్యాయి. ఆయన చొక్కా వీపు మీద చెమటకు అంటుకుపోయింది. నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు, సగం చొక్కా మీద ఒలికింది.

"వాని గదిలోనే పండుకుంటాండాను," అన్నాడు చివరికి. "వాళ్ళమ్మకు తెలీదు, అంగట్లో పండుకుంటానని చెప్తాను."

అప్పుడు నేను అడిగాను. "సర్, మీకు కూడా బతకొద్దని అనిపిస్తోందా?"

ఆయన నా వైపు తిరిగి జవాబు చెప్పాడు. ఆ జవాబు నాకూ, డాక్టరమ్మకూ, ఆయనకూ మధ్యే ఉంటుంది. అది విన్నాక నేను చెప్పవలసింది ఒకటే ఉంది.

"ఈ మాట చెప్పారు, మంచిపని చేశారు. మీకు సాయం కావాలి సర్. కానీ ఆ సాయం నేను చేయకూడదు. నేను ఈ ఉద్యోగం అడగడానికి వచ్చినదాన్ని, మీరు ఇచ్చేవాళ్ళు. అదీగాక నన్ను చూసినప్పుడల్లా మీరు ఇంకొకటే అడగాలనుకుంటారు. డాక్టరుగారు ఇక్కడే ఉన్నారు. ఆమెతో మాట్లాడతారా?"

ఆయన అటు తిరగలేదు. "నీతోనే మాట్లాడతాను. నువ్వే కావల్ల" అన్నాడు చిన్నపిల్లాడిలా.

డాక్టరమ్మ లేచి వచ్చి నేను కూర్చున్న చోటు పక్కన నిలబడింది. నేను లేచాను. ఆమె కూర్చుంది. అంతే, నేను తలుపు తీసుకొని బయటికి వచ్చేశాను. వరండాలో కార్యదర్శి, మిగతా అభ్యర్థులు నన్నే చూశారు. ఇవాళ్టికి ఇంక ఇంటర్వ్యూలు లేవని కార్యదర్శి వాళ్ళకు చెప్పాడు. జవాబులు వల్లె వేసుకుంటున్న అమ్మాయి, "కష్టమైన ప్రశ్నలా అక్కా?" అంది. అవునన్నాను.

మెట్లు దిగి కిందికి వచ్చాను. నాయన టీ తాగకుండా నాకోసం ఎదురుచూస్తున్నాడు.

"ఏమైంది మ్మా, మొగమట్ల పెట్టినావు? ఇచ్చేటట్లుండారా?"

"తెలీదు నాయనా."

"ఏం అడిగినారు?"

"పని గురించే."

"తెలీని వాటికి తెలీదని చెప్పింటే సరిపోయింటాది. అబద్ధం చెప్పలేదు కదా?"

"లేదు నాయనా."

మధ్యాహ్నం బస్సులో నా పక్కన కూర్చుని తువ్వాలు తడిపి నా నుదుటి మీద వేశాడు, ఎండదెబ్బ అనుకున్నాడు. పైన జరిగింది ఆయనకు చెప్పుకోవాలని ఎంత అనిపించిందో. ఎవరని చెప్పకపోయినా, ఇంటర్వ్యూ జరిగింది ఆ బట్టల దుకాణం పైనే కదా, ఎవరి సంగతో నాయనకు తెలిసిపోయేది. ఊరు చేరేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాను.

చాలా రోజులు ఏ కబురూ లేదు. తర్వాత డాక్టరమ్మ ఫోన్ చేసింది. ముందు వేరే అమ్మాయిని తీసుకున్నారట, పల్లెలు తిరగలేనని ఆమె మానేసిందట. "నిన్ను తీసుకోవడానికి అందరూ ఒప్పుకోలేదు. నేను పట్టుబట్టాను. వస్తావా?" అంది. వస్తానన్నాను. పెద్దాయన సంగతి అడగలేదు. ఆమె చెప్పలేదు. నేను చేరేసరికి కేంద్రం వేరే వీధిలోని అద్దె ఇంటికి మారింది, ఆయన కమిటీలో లేడు. ఆయనే మానుకున్నాడో, ఎవరైనా మాన్పించారో నాకు తెలియదు.

పనిలో చేరాక ఆ ఏడాది వానలు కూడా అంతంతమాత్రమే. వారంలో చాలా రోజులు పల్లెల్లోనే ఉండేదాన్ని. కొన్ని ఇళ్ళకు వెళ్ళేసరికే ఆలస్యమైపోయేది. అలాంటి ఇళ్ళలో ఎవరో ఒకరు నన్ను పట్టుకొని, ముందే ఎందుకు రాలేదని అడిగేవారు. వాళ్ళు అడిగేది నన్ను కాదని తెలిసినా, రాత్రి అన్నం సహించేది కాదు.

ఒకరోజు పొద్దున కదిరి బస్టాండులో తనకల్లు బస్సు కోసం నిలబడి ఉన్నాను. పెద్దాయన కనిపించాడు. బాగా చిక్కిపోయాడు. పక్కన ఆయన భార్య. బయట ఎవరైనా కనిపిస్తే, వాళ్ళు పలకరిస్తే తప్ప నేను పలకరించను. చూపు పక్కకు తిప్పుకున్నాను. ఆయన కూడా నన్ను చూసి తల వంచుకున్నాడు. కానీ ఆయన ఆగడం ఆమె గమనించింది. ఏదో అడిగింది, ఆయన చెప్పాడు. ఆమె మనుషుల మధ్యలోంచి తోసుకుంటూ తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఆ కాలేజీలో ఉన్నింది నువ్వేనంట కదమ్మా?"

"అవునమ్మా."

ఆమె నా చేయి పట్టుకుంది. అరచేయి గరుకుగా, వేడిగా ఉంది. "ఆయప్ప అడిగింది నేను అడగను. వచ్చినాడా రాలేదా నాకొద్దు. నా గురించి ఏమన్నా అనినాడా? అమ్మ ఇట్ల అనింది, అమ్మ అట్ల చేసింది అని? అదొక్కటి చెప్పు తల్లీ. నేను తిట్టినాను వాన్ని ఆ పొద్దు."

చుట్టూ జనం. మైకులో బస్సుల పేర్లు చదువుతున్నారు. "ఆ పొద్దు మీరు తిట్టినందుకే అని అనుకోవద్దండీ," అన్నాను. "ఏ మనిషీ ఒక్క మాట వల్లే పోడు. ఎవరైనా మిమ్మల్ని అలా అనుకోమంటే నమ్మొద్దు. ఇంతకంటే నేను చెప్పలేను."

"చెప్పలేవా, చెప్పకూడదా?"

"చెప్పకూడదమ్మా. డాక్టరుగారి దగ్గరికి మీరు ఒక్కసారి రండి. నేను వద్దు, ఆమెతో మాట్లాడండి. నేను చెప్పి పెడతాను."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను మొహంలో ఏమీ కదలనివ్వకుండా నిలబడ్డాను. ఆ మాత్రం చేయడానికి నా ఒంట్లో ఉన్న బలమంతా కావలసివచ్చింది. ఆమె చేయి వదిలేసింది.

"మాకేం డాక్టరు," అని, వాళ్ళాయన దగ్గరికి వెళ్ళిపోయింది. వాళ్ళ బస్సు వచ్చింది. ఎక్కారు. ఆయన కిటికీ దగ్గర కూర్చున్నాడు గానీ నా వైపు చూడలేదు.

ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళిందో లేదో నేను అడగలేదు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ నాకు ఎక్కడా ఎదురుపడలేదు. వాళ్ళు కనిపించిన రోజు సాయంత్రమే డాక్టరమ్మకు ఫోన్ చేసి, పేరు చెప్పకుండా, బస్టాండులో ఒకామె ఇలా అడిగిందని చెప్పాను. అది ఎవరో డాక్టరమ్మకు తెలిసే ఉంటుంది. అయినా అడగలేదు. "నువ్వు తిన్నావా?" అంది. లేదన్నాను. "తిని పడుకో. రేపు పల్లెకు పోవద్దు, ఒక పూట నా దగ్గరికి రా" అంది.

మరుసటి రోజు వెళ్ళాను. ఆమె ఎదురు కుర్చీలో కూర్చుని, మొదటిసారిగా నేను ఏడ్చాను.